ఐదు గడులకు సగటు తీయొచ్చా?

సర్వే చేసిన థీసిస్‌ల మూడో అధ్యాయం చివర తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "సేకరించిన డేటాను ఎస్‌పీఎస్‌ఎస్‌లో విశ్లేషించి సగటు, ప్రామాణిక విచలనం, టీ-టెస్ట్ వాడటమైనది." ఏం చేశారో అందులో ఉంది, ఎందుకు చేశారో లేదు. వైవాలో పరీక్షకులు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. "మీ ప్రశ్నావళిలో జవాబులు 'అస్సలు అంగీకరించను' నుంచి 'పూర్తిగా అంగీకరిస్తాను' దాకా ఉన్నాయి కదమ్మా, మాటలకు సగటు ఎలా తీశారు?" స్కాలర్ గైడ్ వైపు చూస్తుంది. గైడ్ కిటికీ వైపు చూస్తారు.

నిజానికి ఆ ప్రశ్నకు చక్కటి జవాబుంది. కాకపోతే అది అన్ని థీసిస్‌లకూ ఒకటే కాదు. ఒకే థీసిస్‌లో కూడా ఒక పట్టికకు ఒక జవాబు, ఇంకో పట్టికకు ఇంకో జవాబు ఉండొచ్చు.

ఈ ఐదు గడుల పద్ధతి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్‌ది. ఆయన పేరు అక్కడ 'లికర్ట్' అని పలుకుతారు. మన క్లాసుల్లో లైకర్ట్‌గా స్థిరపడిపోయింది, అలాగే ఉండనిద్దాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన 1932లో అచ్చయింది. అంతకుముందు మనుషుల వైఖరిని కొలవాలంటే థర్‌స్టన్ పద్ధతి ఉండేది. అందులో ముందు కొంతమంది న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టి, ఒక్కో వాక్యానికి ఎంత తూకం ఇవ్వాలో వాళ్లచేత తేల్పించాలి. లైకర్ట్ ఆ శ్రమంతా తీసేశారు. ఒకే విషయం గురించి చాలా వాక్యాలు ఇవ్వడం, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయడం, వాటన్నిటినీ కూడటం, అంతే. గడుల మధ్య దూరాలను గణాంక పద్ధతిలో సరిచేసి కూడా ఆయన లెక్కవేసి చూశారు. ఆ మొత్తాలకూ, ఉత్త ఒకటి-రెండు-మూడు అని వేసిన మొత్తాలకూ తేడా దాదాపు కనిపించలేదు. అందుకే తేలికదానినే ఖాయం చేశారు.

ఇక్కడ గమనించాల్సింది 'చాలా వాక్యాలు', 'కూడటం' అన్న రెండు మాటలు. లైకర్ట్ స్కేలు అంటే ఆ మొత్తం కట్ట. విడిగా ఉన్న ఒక్క వాక్యం, దాని కింద ఐదు గడులు, అది లైకర్ట్ ఐటమ్. మనవాళ్లు రెండింటినీ స్కేలు అనే పిలుస్తారు. తగాదాలో సగం ఈ కలగాపులగంలోంచే పుడుతుంది.

రెండో సగానికి మూలం 1946లో ఉంది. ఎస్.ఎస్. స్టీవెన్స్ 'సైన్స్' పత్రికలో కొలతలను నాలుగు రకాలుగా విడదీశారు. పేరు మాత్రమే చెప్పేవి నామినల్, వరుస చెప్పేవి ఆర్డినల్, సమాన దూరాలు ఉన్నవి ఇంటర్వెల్, సున్నా కూడా నిజమైనది అయితే రేషియో. వరుస మాత్రమే తెలిసినచోట సగటు తీయడం నియమానికి విరుద్ధం అన్నారాయన. అలా నియమం తప్పి తీసిన సగటు కూడా చాలాసార్లు పనికొస్తుందని అదే వ్యాసంలో ఒప్పుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లోకి మొదటి మాటే దిగింది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది.

సగటు ఎందుకు మోసం చేయగలదో చిన్న లెక్కలో చూద్దాం. రెండు బడుల్లో చెరో పదిమంది టీచర్లు ఒకే వాక్యానికి జవాబిచ్చారు. మొదటి బడిలో ఇద్దరు 3, ఎనిమిదిమంది 4 అన్నారు. సగటు 3.8. రెండో బడిలో ఇద్దరు 2, నలుగురు 3, నలుగురు 5 అన్నారు. సగటు 3.6. మొదటి బడిదే పైచేయి అనిపిస్తుంది. అయితే 'అంగీకరిస్తాను' నుంచి 'పూర్తిగా అంగీకరిస్తాను'కు వెళ్లడానికి మనసులో మిగతా మెట్లకన్నా పెద్ద అడుగే పడుతుందని ఎవరైనా వాదించారనుకోండి. ఆఖరి గడికి 5 బదులు 7 వేద్దాం. వరుస ఏమీ చెడలేదు, ఏడు నాలుగు కన్నా పెద్దదే. కానీ రెండో బడి సగటు ఇప్పుడు 4.4. మొదటి బడిది 3.8 దగ్గరే ఉంది. ఒక్క జవాబూ మారకుండా గెలుపోటములు తారుమారయ్యాయి.

వరుసను మాత్రమే నమ్మే మాన్-విట్నీ పరీక్షకు ఈ ఇబ్బంది లేదు. అది చేసే పని చాలా సాదాగా ఉంటుంది. మొదటి బడి టీచర్ ఒకరిని, రెండో బడి టీచర్ ఒకరిని పక్కపక్కన నిలబెట్టి ఎవరి జవాబు పెద్దదో చూస్తుంది. పదింటికి పది, వంద జతలు. వాటిలో 52 జతల్లో మొదటి బడి గెలుస్తుంది, 40 జతల్లో రెండో బడి, 8 సమం. సమానాలను చెరిసగం పంచితే మొదటి బడికి 56. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఇదే అంకె కనిపిస్తుంది:

```r
a <- c(rep(3, 2), rep(4, 8))
b <- c(rep(2, 2), rep(3, 4), rep(5, 4))
wilcox.test(a, b)    # W = 56
b[b == 5] <- 7
wilcox.test(a, b)    # W = 56
```

5ను 7 చేసినా 56 కదల్లేదు. 70 చేసినా కదలదు. దీన్ని నడిపినప్పుడు `cannot compute exact p-value with ties` అనే హెచ్చరిక వస్తుంది. అది చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ఐదే గడులున్నప్పుడు సమానాలు రాకుండా ఉండవు, అందుకని సాఫ్ట్‌వేర్ కచ్చితమైన లెక్క బదులు ఉజ్జాయింపు లెక్క వాడుతోందని దాని అర్థం. ఇక్కడ పీ విలువ 0.66 దగ్గర వస్తుంది. అంటే ఇంత చిన్న గుంపుల్లో 56కూ 44కూ ఉన్న తేడాకు విలువేమీ లేదు.

అలాగని మాన్-విట్నీ వాడితే అన్నీ తేలిపోతాయని కూడా అనుకోకూడదు. ఒక ఊళ్లో వందలో డెబ్బైమంది మధ్య గడిలో ఉండి, మిగిలినవాళ్లు అటూ ఇటూ సమానంగా సర్దుకున్నారు. ఇంకో ఊళ్లో ముప్పైమంది ఈ కొసన, ముప్పైమంది ఆ కొసన, మిగిలినవాళ్లు మధ్యలో సమానంగా ఉన్నారు. రెండు ఊళ్ల సగటూ 3. మాన్-విట్నీ కూడా తేడా లేదనే అంటుంది. కానీ ఒక ఊరు ఊగిసలాడుతోంది, ఇంకో ఊరు రెండుగా చీలిపోయింది. దీన్ని పట్టుకునేది ఈ రెండూ కాదు, ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో చూపించే పట్టిక. విడి ఐటమ్ ఏది రిపోర్ట్ చేసినా ముందు ఆ పట్టిక పెట్టమని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు అసలు కేసులోకి వద్దాం. లెక్క కోసం కల్పించుకున్నదే, కానీ మన ఎడ్యుకేషన్ విభాగాల్లో ఇలాంటి థీసిస్‌లు కొల్లలు. ప్రభుత్వ, ప్రైవేటు హైస్కూలు టీచర్లకు డిజిటల్ బోధన మీద ఉన్న వైఖరిని పోల్చాలి. ఒక్కో వైపు 120 మంది, మొత్తం 240. ప్రశ్నావళిలో వైఖరి గురించి ఎనిమిది వాక్యాలున్నాయి. చివర విడిగా ఒక్క ఐటమ్ ఉంది: "వచ్చే ఏడాది కూడా డిజిటల్ బోర్డు వాడాలనుకుంటున్నాను."

స్కాలర్ ఇక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న 'ఏ టెస్ట్ వాడాలి' అని కాదు, 'నా పరికల్పనలో ఉన్నది ఏది, ఎనిమిది వాక్యాల మొత్తమా, చివరి ఒక్క ఐటమా' అని. ఈ థీసిస్‌లో రెండూ ఉన్నాయి. కాబట్టి నిర్ణయాలూ రెండు.

ముందు ఎనిమిది వాక్యాల సంగతి. ఒక్కోదానికి 1 నుంచి 5 కనుక మొత్తం 8 నుంచి 40 మధ్య వస్తుంది. ఐదు మెట్ల నిచ్చెన కాస్తా ముప్పైమూడు మెట్లది అయింది. ఒక్క వాక్యంలో గడుల దూరాలు ఎగుడుదిగుడుగా ఉన్నా, ఎనిమిదింటిని కూడేసరికి ఆ వంకరలు చాలావరకు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఇలాంటి మొత్తాన్ని ఇంటర్వెల్ కొలతగా తీసుకుని సగటు, టీ-టెస్ట్ వాడటానికి ఇదే ఆధారం. లైకర్ట్ చేసిందీ ఇదే. అయితే ఈ ఆధారం నిలబడాలంటే ఆ ఎనిమిదీ నిజంగా ఒకే విషయాన్ని కొలుస్తుండాలి. అది ఊహించుకుంటే చాలదు, చూపించాలి.

చూపించేటప్పుడు మొదట తగిలేది తిరగేసిన వాక్యం. మన ఎనిమిదింటిలో నాలుగోది "డిజిటల్ బోర్డు వల్ల పిల్లల దృష్టి చెదురుతుంది" అనుకుందాం. దీనికి 'పూర్తిగా అంగీకరిస్తాను' అన్నవాళ్లది వ్యతిరేక వైఖరి. దానికి 5 వేసి మొత్తంలో కలిపితే ఒకచోట పెరగాల్సింది ఇంకోచోట తరుగుతుంది. అందుకని 6లోంచి ఆ మార్కును తీసేయాలి. 5 వేసినవాళ్లది 1 అవుతుంది, 2 వేసినవాళ్లది 4 అవుతుంది, 3 అలాగే ఉంటుంది.

```r
d$q4 <- 6 - d$q4
psych::alpha(d[, paste0("q", 1:8)])
```

ఇది మరిచిపోయారని పట్టుకోవడం కష్టమేమీ కాదు. క్రాన్‌బాక్ ఆల్ఫా అనుకోనంత తక్కువగా వస్తుంది. ఒక్కో వాక్యానికీ మిగతా ఏడింటి మొత్తానికీ ఉన్న సహసంబంధాన్ని చూపే నిలువు వరుసలో ఒక్క వాక్యం దగ్గర మైనస్ గుర్తు కనిపిస్తుంది. ఆల్ఫా 0.58 దగ్గర ఉందనీ, నాలుగో వాక్యం ఎదుట మైనస్ ఉందనీ చూసి, దాన్ని తిరగేయగానే ఆల్ఫా 0.81కి ఎక్కిందనీ అనుకుందాం. అప్పుడు దోషం వాక్యంలో లేదు, కోడింగ్‌లో ఉంది. తిరగేశాక కూడా మైనస్ పోకపోతే సంగతి వేరు. ఆ వాక్యం టీచర్లకు ఇంకోలా అర్థమై ఉండాలి, లేదా చాలామంది చదవకుండానే ఒకే వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోయి ఉండాలి. నింపిన కాగితాలు పది తీసి చూస్తే రెండో రకం కంటికే తెలుస్తుంది.

ఆల్ఫా 0.81 వచ్చిందంటే ఎనిమిదీ ఒకే విషయాన్ని కొలిచాయని రుజువైనట్టు కాదు. రెండు వేర్వేరు విషయాలను చెరి నాలుగు వాక్యాలతో కొలిచినా, ఆ రెండింటికీ చుట్టరికం ఉంటే ఆల్ఫా బాగానే వస్తుంది. టీచర్ల వైఖరిలో 'పిల్లలకు మేలు' ఒకటి, 'నాకు అదనపు పని' ఒకటి విడివిడిగా ఉండే అవకాశం బాగా ఉంది. ఫ్యాక్టర్ విశ్లేషణ చేసి చూసి, రెండుగా విడిపోతే రెండు మొత్తాలుగానే లెక్కించాలి. మన కేసులో ఒక్కటిగానే నిలిచిందని అనుకుని ముందుకు వెళదాం.

మొత్తాల సగటు ప్రభుత్వ టీచర్లకు 27.4, ప్రైవేటు టీచర్లకు 29.1. ప్రామాణిక విచలనాలు 5.2, 4.9. విచలనాలు సమానమన్న షరతు లేని వెల్చ్ టీ-టెస్ట్ వేస్తే టీ విలువ 2.61, పీ విలువ దాదాపు 0.01. ఇక్కడితో ఆపేసి 'తేడా సార్థకం' అని రాసేవాళ్లే ఎక్కువ. తేడా ఎంతో కూడా రాయాలి. 1.7 మార్కులు, 95 శాతం విశ్వాస అవధి 0.4 నుంచి 3.0 దాకా. ముప్పైరెండు మార్కుల పొడవున్న నిచ్చెన మీద ఇది చిన్న తేడాయే. ప్రామాణిక విచలనంలో మూడో వంతు.

ఈ దశలోనే చాలామంది స్కాలర్లు ఇంకో పొరపాటు దారి పడతారు. షపీరో-విల్క్ నార్మాలిటీ పరీక్ష వేసి, పీ విలువ 0.05 దాటకపోతే 'డేటా నార్మల్ కాదు, కాబట్టి ఆర్డినల్' అని రాసి మాన్-విట్నీకి మారిపోతారు. ఇవి రెండు వేర్వేరు తగాదాలు. గడుల మధ్య దూరాలు సమానమా అన్నది కొలతకు సంబంధించిన ప్రశ్న, దానికి డేటా ఆకారం జవాబు చెప్పదు. పంపిణీ నార్మల్‌గా ఉందా అన్నది ఆకారానికి సంబంధించినది. 120 మంది చొప్పున ఉన్న గుంపుల్లో, మరీ విపరీతమైన వంపు లేకపోతే, టీ-టెస్ట్‌కు దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు, ఎందుకంటే అది ఆధారపడేది విడి మార్కుల ఆకారం మీద కాదు, సగటుల ఆకారం మీద. ఇక ఐదే విలువలున్న విడి ఐటమ్‌కు షపీరో-విల్క్ వేయడమంటే జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడగడమే. రెండు వందల మంది ఉన్నచోట అది ఫెయిల్ కాకుండా ఉండటం అరుదు.

చివరి ఐటమ్‌కు వద్దాం. వచ్చే ఏడాది కూడా వాడాలనుకుంటున్నారా అన్నదానికి ప్రభుత్వ టీచర్ల జవాబులు 'అస్సలు అంగీకరించను' నుంచి వరుసగా 6, 12, 18, 40, 44. ప్రైవేటు టీచర్లవి 4, 6, 10, 30, 70. పట్టిక చూడగానే తెలిసేది, జనమంతా కుడి కొసన పోగుపడ్డారు. ప్రైవేటు వాళ్లలో 58 శాతం ఆఖరి గడిలోనే ఉన్నారు. వాళ్లలో కొందరికి ఇంకా పైన గడి ఉంటే అక్కడికీ వెళ్లేవాళ్లేమో, పైకప్పు తగిలి ఆగిపోయారు. సగటు తీస్తే 3.87, 4.30 వస్తాయి. కానీ ఆ 0.43 దేనికి కొలమానం? ఏ గడికీ ఏ గడికీ మధ్య దూరం? చెప్పలేం.

కాబట్టి ఇక్కడ ఆర్డినల్‌గానే చూద్దాం. మధ్యగతం ప్రభుత్వ టీచర్లకు 4, ప్రైవేటు టీచర్లకు 5. మాన్-విట్నీ ప్రకారం ఒక ప్రైవేటు టీచర్నీ ఒక ప్రభుత్వ టీచర్నీ యాదృచ్ఛికంగా తీస్తే, సమానాలను చెరిసగం పంచాక, ప్రైవేటు టీచర్ జవాబు పైన ఉండే అవకాశం 62 శాతం. పీ విలువ 0.001 కన్నా తక్కువ. ఇలా రాస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది, '0.43 సగటు తేడా' అంటే కాదు.

ఈ ఐటమ్‌లో టీచర్ల అనుభవాన్ని, వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలంటే మాన్-విట్నీ చాలదు. దానికి ఆర్డినల్ లాజిస్టిక్ రిగ్రెషన్ ఉంది. పీటర్ మెక్‌కలా 1980 వ్యాసం తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి అది. ఐదు గడులను ఎక్కడ రెండుగా కోసినా రెండు గుంపుల నిష్పత్తి ఇంచుమించు ఒకేలా ఉంటుందన్నది దాని షరతు. మన పట్టికలోనే చూడొచ్చు. 'పూర్తిగా' అన్న గడి దగ్గర కోస్తే ప్రైవేటు వైపు 70కి 50, ప్రభుత్వం వైపు 44కి 76. ఆ రెండు నిష్పత్తులను భాగిస్తే 2.4. 'అంగీకరిస్తాను' దగ్గర కోస్తే 100కి 20, 84కి 36. భాగిస్తే 2.1. దగ్గరదగ్గరగానే ఉన్నాయి, షరతు నెరవేరుతోందనొచ్చు. ఒకచోట 2.4, ఇంకోచోట 0.8 వచ్చి ఉంటే ఆ రెండింటినీ ఒకే అంకెలో చెప్పడం అబద్ధమయ్యేది.

ఇక రాయడం. పరీక్షకులు ఏ పక్షం వాళ్లో మనకు ముందు తెలియదు. 2004లో సూసన్ జేమీసన్ వైద్యవిద్య పత్రికలో లైకర్ట్ డేటాకు సగటు తీయడాన్ని గట్టిగా తప్పుపట్టారు. 2010లో జెఫ్ నార్మన్ అంతే గట్టిగా బదులిచ్చారు. ఈ పరీక్షలు ఇలాంటి డేటాను బాగానే తట్టుకుంటాయని, భయం అనవసరమని ఆయన వాదన. అదే ఏడాది డి వింటర్, డోడౌ ఐదు గడుల ఐటమ్‌ల మీద టీ-టెస్ట్‌నూ మాన్-విట్నీనీ పోల్చి, చాలా సందర్భాల్లో రెండింటికీ దగ్గరి ఫలితాలే వస్తాయని, పంపిణీ బాగా వంగినప్పుడూ రెండు శిఖరాలుగా చీలినప్పుడూ తేడాలు వస్తాయని చూపించారు. 2018లో లిడెల్, క్రుష్కే మాత్రం ఆర్డినల్ డేటాను మామూలు అంకెల్లా చూస్తే లేని తేడా కనిపించడం, ఉన్న తేడా కనిపించకపోవడం, ఒక్కోసారి తేడా దిశే తిరగబడటం జరుగుతాయని లెక్కలతో చూపించారు. పైన పదిమంది టీచర్ల లెక్కలో మనం చూసింది ఆ మూడోదాన్నే.

థీసిస్‌లో వీళ్లలో మనకు నచ్చినవాళ్లను మాత్రమే ఉటంకించి ఊరుకుంటే అది సమర్థన కాదు, సిఫారసు ఉత్తరం. 'గత పరిశోధకులు ఇలాగే చేశారు' అనడం అంతకన్నా బలహీనం. రెండు పక్షాలూ ఉన్నాయని ఒప్పుకుని, మన డేటాలో ఏ లక్షణం చూసి ఏ వైపు వెళ్లామో చెప్పాలి. మన కేసుకు నేను రాయించే పేరా ఇలా ఉంటుంది:

"డిజిటల్ బోధన పట్ల వైఖరిని ఎనిమిది లైకర్ట్ ఐటమ్‌ల మొత్తంగా (8–40) కొలిచాను. వ్యతిరేకార్థంలో ఉన్న నాలుగో ఐటమ్‌ను కూడే ముందు తిరగేశాను. ఫ్యాక్టర్ విశ్లేషణలో ఐటమ్‌లు ఒకే కారకంగా నిలిచాయి, ఆల్ఫా 0.81. విడి ఐటమ్‌లు ఆర్డినల్ అయినా, వాటి మొత్తాన్ని ఇంటర్వెల్‌కు దగ్గరి కొలతగా తీసుకోవడంపై పరిశోధకుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఇక్కడ మొత్తాల పంపిణీలో కొసల దగ్గర పోగుపడటం లేనందున, ఒక్కో గుంపులో 120 మంది ఉన్నందున సగటులను వెల్చ్ టీ-టెస్ట్‌తో పోల్చాను. ఈ నిర్ణయం ఫలితాన్ని ఎంత ప్రభావితం చేసిందో చూడటానికి అదే పోలికను మాన్-విట్నీతోనూ చేసి అనుబంధంలో ఇచ్చాను. భవిష్యత్ వినియోగం గురించిన ఐటమ్ ఒక్కటే కనుక, జవాబులు పై గడిలో పోగుపడ్డాయి కనుక దాన్ని ఆర్డినల్‌గానే విశ్లేషించాను. గడులవారీ సంఖ్యలు, మధ్యగతం, మాన్-విట్నీ ఫలితం ఇచ్చాను."

ఈ పేరాలో ఒక్కో వాక్యం పరీక్షకులు అడగబోయే ఒక్కో ప్రశ్నకు ముందుగానే జవాబు. 'ఎందుకు కూడారు', 'కూడటానికి అవి ఒకే జాతివేనా', 'టీ-టెస్ట్ ఎందుకు', 'ఇంకోలా చేస్తే ఏమయ్యేది', 'చివరిదాన్ని ఎందుకు వేరుగా చూశారు'. దీని చోటు మూడో అధ్యాయంలో, ప్రశ్నావళి వివరణ అయిపోయాక, ఫలితాలు మొదలవక ముందు. ఫలితాలు ఇష్టమైనట్టు వచ్చాక రాసిన సమర్థన చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో కారణాలన్నీ ఫలితం వైపే వంగి ఉంటాయి. సినాప్సిస్‌లోనే ఏ చలరాశిని ఎలా చూస్తామో, ఏం కనిపిస్తే మారుస్తామో రాసిపెట్టుకుంటే ఆ అనుమానానికి తావుండదు.

మధ్య గడి గురించి కూడా ఒక వాక్యం చేర్చాలి. కొన్ని ప్రశ్నావళుల్లో అక్కడ 'తటస్థం' అని ఉంటుంది, కొన్నింటిలో 'చెప్పలేను' అని. రెండో రకంలో, బోర్డును ఎన్నడూ ముట్టని టీచరు కూడా అక్కడే టిక్కు పెడతారు. అలాంటి 3ను 2కూ 4కూ మధ్యలో నిలబెట్టడానికి ఆధారమే లేదు, అప్పుడు వరుస అన్న మాటే చెడుతుంది, ఆర్డినల్ పద్ధతి కూడా దాన్ని కాపాడలేదు. కాగితాలు పంచకముందే 'తెలియదు' అని విడిగా ఆరో గడి పెట్టి, దాన్ని మార్కుల్లో చేర్చకుండా ఉండటమే దీనికి విరుగుడు.

రెండు పద్ధతులూ రెండు రకాలుగా చెబితే ఏం చేయాలన్నది స్కాలర్లు అడిగే ఆఖరి ప్రశ్న. టీ-టెస్ట్‌లో పీ విలువ 0.03, మాన్-విట్నీలో 0.09 వచ్చాయనుకుందాం. చిన్నదాన్ని ఉంచుకుని పెద్దదాన్ని అటకెక్కించడం చాలాచోట్ల జరిగేదే. సరైన దారి ముందు పంపిణీ పటం తీసి చూడటం. సాధారణంగా కారణం అక్కడే దొరుకుతుంది. ఒక కొసన ఉన్న ఐదారుగురు సగటును లాగేసి ఉంటారు, లేదా ఒక గుంపు విస్తారం రెండో గుంపుకన్నా బాగా ఎక్కువై ఉంటుంది. ఆ కారణాన్ని రెండు ఫలితాలతో కలిపి నాలుగో అధ్యాయంలో రాయాలి. ముందే ప్రకటించిన పద్ధతి ఫలితాన్ని ప్రధానంగా ఉంచాలి, 'తేడా ఉందనడానికి ఆధారం బలంగా లేదు, అది పద్ధతిని బట్టి మారుతోంది' అని అక్కడే చెప్పాలి. ఐదో అధ్యాయంలో ఆ తేడా ఆధారంగా ప్రభుత్వానికి సూచనలు రాసి ఉంటే వాటిని తీసేయాలి.